చెరువు లెక్కల షీటును విదేశీ ఆడిటర్ చదవగలిగే రెండు భాషల లెడ్జరుగా మార్చడం ఎలా

ఉండి, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో రొయ్యల చెరువుల లెక్కలు రాసే ఎక్సెల్ షీటు ఏదైనా తెరిచి చూడండి. పై వరుసలో ఒక శీర్షిక తెలుగులో, పక్కది ఇంగ్లీషులో, ఆ పక్కది ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో ఉంటుంది. రాసే గుమాస్తాకు, చెరువు యజమానికి, మేత డీలరుకు అందులో ఏ ఇబ్బందీ ఉండదు. ఏ అంకె దేనికి సంబంధించినదో ముగ్గురికీ తెలుసు. సరుకు కొనే విదేశీ సంస్థ తన ఆడిటర్‌ను పంపి, గత పంట లెక్కలు ఇంగ్లీషులో కావాలని అడిగినప్పుడు మాత్రం ఆ షీటు ఎవరికీ అర్థం కాని కాగితమవుతుంది.

అప్పుడు చాలామంది చేసే పని శీర్షికలను ఇంగ్లీషులోకి మార్చి పంపేయడం. దయచేసి అలా చేయకండి. ఒక్కో గడిలో ఉన్న అంకె దేన్ని కొలుస్తోంది, డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లింది అన్నవి తేలకుండా శీర్షిక మారిస్తే, తెలుగులో అస్పష్టంగా ఉన్నది ఇంగ్లీషులో తప్పుగా తయారవుతుంది. శీర్షికల అనువాదం చివర చేయాల్సిన పని. దానికి ముందు చేయాల్సినవి వరుసగా చెబుతాను.

ఉదాహరణకు ఈ షీటు తీసుకుందాం. అంకెలు వివరణ కోసం వేసుకున్నవి. శీర్షికలు మాత్రం డెల్టాలో ఎక్కడైనా కనిపించే రకం.

```
తేదీ        Perlu   వివరం    Bastalu  Rate   జమ       ఖర్చు    Bakee
05-04-2024  హేచరీ   సీడ్      2        0.40            80,000
12-04-2024  డీలరు   మేత      40       2300            92,000   92,000
20-05-2024  డీలరు   బ్యాంకు                   50,000            42,000
18-07-2024  కంపెనీ  రొయ్య    2400     300    7,20,000
```

ముందుగా అసలు ఫైలును భద్రపరచండి

ఫైలుకు ఒక కాపీ తీసి, అసలుదాన్ని ఇక ముట్టుకోకండి. కాపీలో మొదటి షీటుకు `Source` అని పేరు పెట్టి, చివర ఒక కొత్త నిలువు వరుస చేర్చి, ప్రతి అడ్డువరుసకు క్రమసంఖ్య వేయండి. ఈ సంఖ్య చివరిదాకా ప్రతి లావాదేవీ వెంట వస్తుంది. ఆడిటర్ ఏదైనా అంకె ఎక్కడ నుంచి వచ్చిందని అడిగితే, ఆ సంఖ్య పట్టుకుని నేరుగా అసలు షీటుకు వెళ్లవచ్చు.

తరువాత దాచి ఉంచిన వరుసలన్నీ బయటకు తీయండి. కలిపిన గడులను `Unmerge Cells` తో విడదీయండి. విడదీయగానే కొన్ని గడులు ఖాళీ అవుతాయి. ఉదాహరణకు ఒకే తేదీ కింద నాలుగు ఖర్చులు రాసి తేదీ గడులను కలిపి ఉంటే, తేదీ మొదటి వరుసకే మిగులుతుంది. మిగిలిన మూడింటిలో దాన్ని మీరే నింపాలి.

మన షీట్లలో ఇంకో అలవాటు ఉంది. కాగితం పుస్తకంలో లాగానే మధ్యమధ్యలో ‘మొత్తం’, ‘ముందు పేజీ మొత్తం’ అని వరుసలు రాస్తాం. లెడ్జరులోకి అవి వస్తే అదే డబ్బు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. వాటికి పక్కన ఒక గుర్తు పెట్టి, కొత్తగా తయారుచేసే `Ledger` అనే షీటులోకి తీసుకురాకుండా వదిలేయండి. వాటిని వదిలేశాక మాత్రమే జమ, ఖర్చుల మొత్తాలు వేరువేరుగా రాసుకోండి. మన ఉదాహరణలో జమ మొత్తం 7,70,000, ఖర్చు మొత్తం 1,72,000. రెండూ కలిపితే 9,42,000. ఈ మూడో అంకెతో తరువాత పని ఉంది.

మొత్తాలు వేసేముందు ఒక పరీక్ష తప్పనిసరి. `1,25,000/-` అని రాసిన గడి చూడటానికి అంకెలాగే ఉంటుంది, కానీ ఎక్సెల్‌కు అది అక్షరాల వరుస మాత్రమే. `SUM` దాన్ని ఏమీ చెప్పకుండా వదిలేస్తుంది, మొత్తం తగ్గుతుంది. ఒక నిలువు వరుసలో అలాంటి గడులు ఎన్ని ఉన్నాయో ఈ ఫార్ములా చెబుతుంది:

```
=COUNTA(F2:F500)-COUNT(F2:F500)
```

జవాబు సున్నా కాకపోతే వాటిని వెతికి సరిచేయండి. కామాలు, చివరి గీతలు, ఖాళీలు తీసేయడానికి ఇది పనికొస్తుంది:

```
=VALUE(SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(F2,",",""),"/-","")," ",""))
```

‘2.5 లక్షలు’ అని మాటల్లో రాసినవి ఫార్ములాకు లొంగవు. వాటిని చేత్తోనే మార్చాలి.

తేదీలను నమ్మకండి, పరీక్షించండి

05-04-2024 మనకు ఏప్రిల్ 5. అమెరికా అలవాటున్న ఆడిటర్‌కు అది మే 4. ఇది చదివేవారి పొరపాటుతో ఆగితే పరవాలేదు. ఒక్కోసారి ఫైలులోనే తేదీ మారిపోయి ఉంటుంది. అమెరికన్ అమరికతో ఉన్న కంప్యూటరులో 05-04-2024 అని టైపు చేస్తే ఎక్సెల్ దాన్ని మే 4గా నిల్వ చేస్తుంది. 20-05-2024 అని టైపు చేస్తే ఇరవయ్యో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా గుర్తించక అక్షరాలుగానే ఉంచుతుంది.

దీన్ని కనిపెట్టడం సులభం. తేదీల నిలువు వరుసలో గడుల ఎడమ, కుడి అమరికను `General` కు తెచ్చి చూడండి. రోజు 12 దాటిన తేదీలన్నీ ఎడమవైపుకు, మిగిలినవన్నీ కుడివైపుకు చేరితే, కుడివైపున్నవాటిలో రోజూ నెలా తారుమారయ్యాయని అర్థం. ఈ లక్షణం స్పష్టంగా కనిపించినప్పుడు మాత్రమే కింది ఫార్ములా వాడండి. బాగున్న షీటులో వాడితే అదే తేదీలను పాడుచేస్తుంది.

```
=IF(ISTEXT(A2),DATE(RIGHT(A2,4),MID(A2,4,2),LEFT(A2,2)),DATE(YEAR(A2),DAY(A2),MONTH(A2)))
```

సరిచేశాక రెండు మూడు తేదీలను బ్యాంకు పాసుపుస్తకంతోనో డీలరు బిల్లుతోనో పోల్చండి. చివరగా తేదీల రూపాన్ని `dd-mmm-yyyy` గా పెట్టండి. అప్పుడు `05-Apr-2024` అని కనిపిస్తుంది, ఏ దేశంలో చదివినా ఒకటే అర్థం.

ఒకే నిలువు వరుసలో ఇమిడిపోయిన కొలతలను విడదీయండి

మన ఉదాహరణలో `Bastalu` కింద ఉన్న 2, 40, 2400 అనే మూడు అంకెలూ మూడు వేర్వేరు కొలతలు. 40 మాత్రమే మేత బస్తాలు. 2 అంటే రెండు లక్షల రొయ్య పిల్లలు. 2400 అంటే పట్టుబడిలో వచ్చిన రొయ్యల కిలోలు. `Rate` కూడా అంతే. 0.40 అంటే పిల్ల ఒక్కింటికి నలభై పైసలు, 2300 అంటే బస్తాకు రూపాయలు, 300 అంటే కిలోకు రూపాయలు. ఈ శీర్షికను ‘బస్తాలు’ అని ఇంగ్లీషు చేస్తే రొయ్యలను 2400 బస్తాలు అమ్మినట్టవుతుంది.

అందుకే పరిమాణానికి ఒక నిలువు వరుస, కొలమానానికి ఇంకొకటి పెట్టండి. సీడ్‌ను 2 అని కాకుండా 200000 అని పూర్తిగా రాసి, పక్కన పిల్లలు అని గుర్తించండి. విదేశీ ఆడిటర్‌కు లక్ష అనే కొలత తెలియకపోవచ్చు. మేతను బస్తాల్లోనూ కిలోల్లోనూ చూపండి. బస్తా 25 కిలోలైతే 40 బస్తాలు 1000 కిలోలు. బరువు సంచి మీదే ఉంటుంది, ఊహించకుండా చూసి రాయండి. ఎంత మేతకు ఎంత రొయ్య వచ్చిందో ఆడిటర్ లెక్క వేసేది ఈ కిలోలతోనే.

తరువాత గుణకారం చేసి చూడండి. 200000 × 0.40 = 80,000. 40 × 2300 = 92,000. 2400 × 300 = 7,20,000. మూడూ సరిపోయాయి కాబట్టి కొలమానాలను సరిగ్గానే గుర్తించారని నమ్మవచ్చు. ఎక్కడైనా సరిపోకపోతే కొలమానం తప్పై ఉండాలి, లేదా తరుగు, కిరాయి వంటిది ఏదో లోపలే కలిపి ఉండాలి.

కౌంట్ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మన దగ్గర 60 కౌంట్ అంటే కిలోకు 60 రొయ్యలు. అమెరికా మార్కెట్టులో సైజును పౌండుకు ఎన్ని అని చెబుతారు. కిలోకు 60 అంటే పౌండుకు సుమారు 27. పైగా అక్కడ ఎక్కువగా తల తీసిన రొయ్యకు లెక్క కడతారు, చెరువు గట్టు మీద మనం లెక్కించేది తలతో ఉన్న రొయ్యను. కాబట్టి కౌంటును మీరు మార్చి రాయకండి. తలతో, కిలోకు ఇన్ని అని కొలమానం స్పష్టంగా రాస్తే చాలు, మిగతా లెక్క వారు చూసుకుంటారు.

జమ ఎవరి జమ?

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. ఉదాహరణలో జమ కింద రెండు అంకెలున్నాయి. 7,20,000 కంపెనీ నుంచి మనకు వచ్చిన డబ్బు. 50,000 మాత్రం మనం మేత డీలరుకు కట్టినది. డీలరు తన పుస్తకంలో మన ఖాతాకు దాన్ని జమ చేసుకుంటాడు, మన గుమాస్తా అదే మాటను మన షీటులో రాశాడు. డబ్బు వచ్చినా జమే, పోయినా జమే. అలాగే ఖర్చు కింద ఉన్న 92,000 ఆ రోజు చేతినుంచి వెళ్లిన డబ్బు కాదు, అరువుకు తెచ్చిన మేత.

ఆ రెండు శీర్షికలకు రాబడి, చెల్లింపు అని ఇంగ్లీషు చేసి పంపామనుకోండి. 7,70,000 లోంచి 1,72,000 తీసేస్తే 5,98,000 చేతిలో ఉండాలని ఆడిటర్ అనుకుంటాడు. బ్యాంకు లెక్క ప్రకారం వచ్చినవి 7,20,000, పోయినవి సీడ్‌కు 80,000, డీలరుకు 50,000. మిగిలింది 5,90,000. తేడా ఎనిమిది వేలే. రెండు పెద్ద పొరపాట్లు ఒకదాన్నొకటి దాదాపుగా కప్పేశాయి కాబట్టి తేడా అంత చిన్నగా కనిపిస్తోంది. చిల్లర ఖర్చులో పోయి ఉంటుందిలే అని సర్దేయాలనిపించే తేడా ఇది. ఆడిటర్ బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకున్న మరుక్షణం, రాబడిగా చూపిన 50,000 అక్కడ చెల్లింపుగా కనిపిస్తుంది. ఆ తరువాత మిగతా షీటునంతా అనుమానంతోనే చదువుతాడు.

దీనికి పరిష్కారం జమ, ఖర్చు నిలువు వరుసలను అలాగే తీసుకురాకుండా, ప్రతి లావాదేవీకి డెబిట్ ఖాతా ఏది, క్రెడిట్ ఖాతా ఏది అని రాసి, మొత్తాన్ని ఒకే నిలువు వరుసలో పెట్టడం. ప్రతి వరుస దగ్గర ఆగి, విలువ ఎవరి దగ్గర నుంచి బయలుదేరింది, ఎక్కడికి చేరింది అని అడగండి. చేరిన ఖాతా డెబిట్, బయలుదేరిన ఖాతా క్రెడిట్.

```
Source_Row  Date         Debit_Ac     Credit_Ac   Amount_INR
1           05-Apr-2024  SEED         BANK        80000
2           12-Apr-2024  FEED         DEALER-01   92000
3           20-May-2024  DEALER-01    BANK        50000
4           18-Jul-2024  BANK         SALES       720000
```

ఇక్కడ మొత్తం 9,42,000. మొదట రాసిపెట్టుకున్న అంకె కూడా అదే. అంటే ఏ వరుసా జారిపోలేదు, ఏదీ రెండుసార్లు రాలేదు. సరుకు ఎత్తిన రోజు, డబ్బు అందిన రోజు వేరైతే మాత్రం అమ్మకానికి ఒక వరుస, వసూలుకు ఇంకో వరుస అవసరం. అప్పుడు మొత్తం ఆ మేరకు పెరుగుతుంది. ఎంత పెరిగిందో, ఏ వరుస వల్ల పెరిగిందో రాసిపెట్టుకోండి.

పేర్లకు `DEALER-01` లాంటి కోడ్ ఇవ్వడానికి కారణం ఉంది. మన షీట్లలో ఒకే సత్యనారాయణ గారి పేరు తెలుగులో ఒకసారి, `Satyanarayana` అని ఒకసారి, `Sathyanarayana` అని మరోసారి ఉంటుంది. మనకు ఒక్క మనిషి, ఎక్సెల్‌కు ముగ్గురు. ఒక్కరికి ఒక్క కోడ్ ఇచ్చి, విడి షీటులో ఆ కోడ్ ఎదురుగా తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు రాయండి. ఇంగ్లీషు స్పెల్లింగు మీకు నచ్చినది కాకుండా బ్యాంకు ఖాతాలో ఉన్నదే వాడండి, ఆడిటర్ పోల్చేది దానితోనే.

ఖాతాల నిల్వలకు ఒక షీటు పెట్టి, A నిలువు వరుసలో ఖాతా కోడ్‌లు రాసి ఈ ఫార్ములా ఇవ్వండి. లెడ్జరులో డెబిట్ ఖాతా H లో, క్రెడిట్ ఖాతా I లో, మొత్తం J లో ఉన్నాయనుకుని రాసినది:

```
=SUMIFS(Ledger!$J:$J,Ledger!$H:$H,A2)-SUMIFS(Ledger!$J:$J,Ledger!$I:$I,A2)
```

మన ఉదాహరణలో సీడ్ 80,000, మేత 92,000, బ్యాంకు 5,90,000, డీలరు మైనస్ 42,000, అమ్మకాలు మైనస్ 7,20,000 వస్తాయి. అన్నీ కూడితే సున్నా. సున్నా వచ్చినంత మాత్రాన ఖాతాలన్నీ సరైనవని కాదు. సీడ్ ఖర్చును మేతలో రాసినా సున్నాయే వస్తుంది. అందుకే బ్యాంకు నిల్వను స్టేట్‌మెంటుతో, డీలరు నిల్వను డీలరు ఇచ్చే ఖాతా కాగితంతో విడిగా సరిచూడాలి. పాత షీటులోని `Bakee` అంకెలను లెడ్జరులోకి తేకండి. అవి చేత్తో టైపు చేసినవి. కొత్త ఫార్ములా ఇచ్చిన 42,000 పాత బాకీతో కలిసిందా లేదా చూసుకోవడానికి మాత్రం వాడుకోండి. గత ఏడాది నుంచి వచ్చిన పాత బాకీ ఉంటే, దాన్ని ఏప్రిల్ 1 తేదీతో ప్రారంభ నిల్వగా విడి వరుసలో రాయండి.

ఇప్పుడు శీర్షికలు

ఇంతదాకా వచ్చాక అనువాదం తేలిక. రెండు భాషలకు రెండు శీర్షిక వరుసలు పెట్టకండి. ఫిల్టర్ వేసినప్పుడు రెండోది డేటాలో కలిసిపోతుంది. ఒకే గడిలో పైన తెలుగు రాసి, `Alt+Enter` నొక్కి, కింద ఇంగ్లీషు రాయండి. వివరానికి మాత్రం రెండు నిలువు వరుసలు ఉండాలి. తెలుగు వివరాన్ని గుమాస్తా రాసినట్టే, అక్షరం మార్చకుండా ఉంచి, పక్కన ఇంగ్లీషు వివరం రాయండి. ‘బ్యాంకు’ అని ఒక్క మాట ఉన్నచోట, మేత బాకీ కింద డీలరుకు బ్యాంకు ద్వారా చెల్లింపు అని ఇంగ్లీషులో పూర్తిగా చెప్పాలి.

పాత శీర్షిక ఏది, దాన్ని ఎలా విడదీశారు అన్నది చూపే చిన్న పట్టిక ఒక షీటులో ఉండాలి. రెండు భాషల లెడ్జరులో ఆడిటర్ ముందుగా తెరిచేది ఇదే అయ్యేలా దాన్ని మొదట పెట్టండి.

```
పాత శీర్షిక   కొత్త శీర్షికలు
Perlu        Party_Code
Bastalu      Quantity, Unit
Rate         Rate_INR, Rate_Per
జమ, ఖర్చు    Debit_Ac, Credit_Ac, Amount_INR
Bakee        Not carried; recalculated
```

ఇదే షీటులో కొన్ని వాక్యాలు కూడా రాయండి. డబ్బు అంకెలన్నీ భారత రూపాయల్లో ఉన్నాయని, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకని, ఎకరం అంటే సుమారు 0.405 హెక్టారని. రూపాయలను డాలర్లలోకి మార్చకండి. ఏ రోజు మారకపు రేటు వాడాలో ఆడిటర్ నిర్ణయించాలి.

లక్షల కామాల విషయం చాలామందిని తికమక పెడుతుంది. అంకెల రూపం `#,##0` అని పెడితే, మన విండోస్ భారతీయ అమరికలో ఉంటే 7,20,000 అని, అక్కడి కంప్యూటరులో 720,000 అని కనిపిస్తుంది. విలువ ఒక్కటే, కాబట్టి ఎక్సెల్ ఫైలుకు ఇబ్బంది లేదు. పీడీఎఫ్ తీసినప్పుడు మాత్రం మీ తెరమీద ఉన్న రూపమే స్థిరపడిపోతుంది. విదేశానికి పంపే పీడీఎఫ్‌ను విండోస్‌లో అంకెల అమరికను మూడేసి అంకెలకు మార్చిన తరువాతే తీయండి.

తెలుగు అక్షరాలు అక్కడ కనిపిస్తాయా అన్నది ఇంకో ప్రశ్న. డీటీపీ అలవాటున్నవారు అను ఫాంట్లలో టైపు చేసిన షీట్లు ఇంకా చాలా ఉన్నాయి. ఆ గడిని ఎంచుకుని ఫాంటును `Arial` కి మార్చి చూడండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడ్. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తే పాత ఫాంటు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, సున్నలు సరిగ్గా వచ్చాయో లేదో పాత ప్రింటుతో పోల్చి చదవాలి. మారిన తరువాత `Nirmala UI` ఫాంటు పెడితే విండోస్‌లో ఇబ్బంది ఉండదు. సీఎస్‌వీ ఫైలు అడిగితే `CSV UTF-8` అన్నదాన్నే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీలో తెలుగు అంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది.

పంపే ముందు, పంపిన తరువాత

పాత షీటులో పక్కన రాసుకున్న ఫోను నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటే పంపే కాపీలోంచి తీసేయండి. ఆడిటర్ అడగని వ్యక్తిగత వివరం ఏదీ వెళ్లకూడదు, `Source` షీటు వెంట కూడా.

తరువాత ఈ పనితో సంబంధం లేని ఒకరికి ఫైలు చూపించి, తెలుగు వివరాలున్న నిలువు వరుసను దాచి, మే 20న బ్యాంకులోంచి 50,000 ఎందుకు పోయిందో చెప్పమనండి. లెడ్జరు చూసి, ఖాతాల పట్టిక చూసి, మేత బాకీ కింద పోయిందని, ఇంకా 42,000 ఉందని మిమ్మల్ని అడగకుండా చెప్పగలిగితే ఫైలు సిద్ధమైనట్టే. చెప్పలేకపోతే వారు ఎక్కడ ఆగారో చూడండి, ఆ గడిలోని ఇంగ్లీషు వివరం చాలలేదన్నమాట.

ఫైలు వెళ్లాక తప్పు కనబడితే ఆ అంకె మీద కొత్త అంకె టైపు చేయకండి. తప్పు వరుసను అలాగే ఉంచి, సవరణ చేసిన తేదీతో కింద మరో వరుస రాసి, ఏ `Source_Row` ను సరిచేస్తోందో వివరంలో చెప్పండి. ఫైలు పేరు చివర `v2` అని చేర్చి, ఏమి మారిందో ఒక్క వాక్యంలో మెయిల్‌లో రాసి పంపండి. మొదటి ఫైలు కూడా మీ దగ్గర ఉండనివ్వండి. ఆడిటర్ ప్రశ్నలు దాన్ని చూసి రాసినవే అయి ఉండవచ్చు.